అంకణా కలిసింది, సేటు లెక్క మాత్రం కలవట్లేదు. జూన్ చిట్టా కాస్త చూస్తారా?

కొత్త_లెక్క
మా వదిన కె.ఆర్.పురంలో ఇంటి కిందే చిన్న చీరల కొట్టు పెట్టింది. జూన్ 1న మొదలు. చిట్టా, ఆవర్జా రాసేది వాళ్ళ తమ్ముడు, బీకాం మొదటి సంవత్సరం. నెలాఖరుకి అంకణా వేస్తే రెండు వైపులా రూపాయి తేడా లేకుండా కలిసిందట. ఇంట్లో మైసూర్‌పాక్ కూడా పంచాడు.

నిన్న చిక్‌పేట సేటు ఫోన్ చేసి, మీ బాకీ 11,000 ఉంది, ఎప్పుడు కడతారు అన్నాడు. మా ఆవర్జాలో ఆయనకి ఇవ్వాల్సింది 17,750 అని ఉంది. ఎవరైనా ఎక్కువ అడిగితే గొడవ పడతాం, తక్కువ అడిగితే ఏం చేయాలి? అది చాలదన్నట్టు గల్లాపెట్టెలో పుస్తకం చెప్పిన దానికంటే 300 ఎక్కువ ఉంది.

నెల లావాదేవీలు ఇవీ. యూపీఐ అమ్మకాలు బ్యాంకు ఖాతాలో వేరే రాశారు, అక్కడ తేడా లేదు కాబట్టి వదిలేస్తున్నా.

జూన్ 1: వదిన పెట్టిన నగదు 60,000
3: నగదుకు కొన్న సరుకు 8,000
5: సేటు దగ్గర అరువుకి సరుకు 24,000
10: నగదు అమ్మకాలు 12,500 (నెలవన్నీ కలిపి రాస్తున్నా)
12: పక్క వీధి టీచరమ్మకి అరువుకి 6,000
15: సేటుకి రెండు చీరలు వాపసు 3,750
18: టీచరమ్మ ఒక చీర వాపసు ఇచ్చింది 1,500
20: సేటుకి నగదు 10,000
25: టీచరమ్మ ఇచ్చిన నగదు 3,000
27: నగదుకి కొన్న ఒకావిడ 1,200 చీర వెనక్కి తెచ్చింది

నాకు లెక్కలు కొత్త. ఎక్కడ వెతకాలో చెప్పండి.

మారతహళ్ళి_మసాలా
తక్కువ అడిగే సేటు! ఆయన నంబర్ ఇవ్వండి, మేమూ అక్కడే కొంటాం.

యశవంతపుర_రవి
రిటర్న్స్ అంటే జాగ్రత్త. జూలై 2025లో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న కొట్లకి కూడా నోటీసులు పంపింది, గుర్తుందా? మా వీధిలో సగం కొట్ల ముందు "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని బోర్డులు వేలాడాయి. మీ వదిన రిటర్న్స్ వేసిందా లేదా ముందు చూడండి.

లెక్కల_పద్మ
రవి గారూ, ఆవిడ అడుగుతున్నది వెనక్కి ఇచ్చిన చీరల గురించి. పన్ను రిటర్న్ కాదు.

యశవంతపుర_రవి
ఓ. సరే. అయినా జీఎస్టీ సంగతి చూసుకోవడం మంచిదే.

కొత్త_లెక్క
రిజిస్ట్రేషన్ లేదండీ. కొత్త కొట్టు, ఏడాదికి 40 లక్షల దరిదాపుల్లోకి కూడా రాదు.

లెక్కల_పద్మ
అలాగైతే మీ పద్దులు తేలికే. సేటు బిల్లులో ఉన్న జీఎస్టీ మీకు తిరిగి రాదు. దాన్ని విడిగా రాయకుండా మొత్తం సరుకు ఖర్చులోనే కలపాలి. రిజిస్ట్రేషన్ తీసుకున్న రోజు నుంచి మాత్రం పన్నుకి వేరే ఖాతాలు వస్తాయి. ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

బిట్టు_బీకాం
అక్కా, నా చిట్టా తీసుకొచ్చి నలుగురిలో పెట్టావా? చెప్పి పెట్టొచ్చుగా 😐

అయినా అంకణా కలిసింది. డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం సమానం. తప్పు సేటు వైపే ఉంటుంది. ఆయన ఏదో బిల్లు రాసుకోవడం మర్చిపోయి ఉంటాడు.

అవెన్యూరోడ్_అంకుల్
ముప్ఫై ఏళ్ళుగా స్టేషనరీ వ్యాపారం చేస్తున్నా. చిక్‌పేటలో సేటు తనకి రావాల్సింది రాసుకోవడం మర్చిపోవడం నేను చూడలేదు.

మారతహళ్ళి_మసాలా
అంకుల్ 😂

హోసూరు_హరి
నాకు తెలిసిన చిట్కా ఒకటి ఉంది. తేడాని సగం చేసి, ఆ అంకె ఉన్న పద్దు వెతకాలి. డెబిట్ రాయాల్సింది క్రెడిట్‌గా రాస్తే తేడా రెండింతలు వస్తుంది. 17,750లో 11,000 తీస్తే 6,750. సగం 3,375.

కొత్త_లెక్క
3,375 అనే అంకె చిట్టాలో ఎక్కడా లేదు హరి గారూ. మొత్తం రెండుసార్లు చూశాను.

హోసూరు_హరి
అయితే నా చిట్కా పనిచేయదు. నా కిరాణా కొట్లో మాత్రం పనిచేసింది.

లెక్కల_పద్మ
చిట్కాలో తప్పు లేదు, ఇక్కడ రెండు పొరపాట్లు కలిసి ఉండొచ్చు. కొత్త_లెక్క గారూ, రెండు విషయాలు చెప్పండి. జూన్ 15 పద్దు చిట్టాలో ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా టైప్ చేయండి. రెండోది, సేటు బిల్లు తీసి చూడండి. 24,000 అసలు ధరా, డిస్కౌంట్ పోగా వచ్చిందా?

కొత్త_లెక్క
చిట్టాలో ఇలా ఉంది:

కొనుగోలు వాపసుల ఖాతా డెబిట్ 3,750
సేటు ఖాతాకు క్రెడిట్ 3,750
(రంగు దిగిన రెండు చీరలు వెనక్కి పంపాము)

బిల్లు ఇప్పుడే తీశా. పైన రేట్లన్నీ కూడితే 30,000. కింద 20 శాతం తగ్గించి 24,000 అని ఉంది. రేట్లన్నీ పన్ను కలిపినవే అని కూడా రాసి ఉంది.

లెక్కల_పద్మ
దొరికింది. కాస్త వివరంగా రాస్తా, బిట్టు కూడా చదువుతాడు.

ముందు అంకె. ఆ రెండు చీరల రేటు 3,750 అన్నది బిల్లులో పైన ఉన్న ధర. కానీ మీరు ఆ ధరకి కొనలేదు. 20 శాతం పోగా ఆ రెండింటికీ మీకు పడింది 3,000. ఏ ధరకి కొన్నామో ఆ ధరకే వెనక్కి వెళ్తుంది. వర్తకపు డిస్కౌంట్‌కి చిట్టాలో పద్దు ఉండదు. కొన్నప్పుడు 24,000 అని నేరుగా రాశారు, సరిగ్గా రాశారు. వాపసుకీ అంతే, 3,000 నేరుగా రాయాలి.

ఇక వైపు. చీరలు ఎవరు పుచ్చుకున్నారు? సేటు. పుచ్చుకున్న వ్యక్తి ఖాతా డెబిట్. పద్దు ఇలా ఉండాలి:

సేటు ఖాతా డెబిట్ 3,000
కొనుగోలు వాపసుల ఖాతాకు క్రెడిట్ 3,000

ఇప్పుడు తేడా చూడండి. సేటు బాకీ 3,000 తగ్గాల్సింది తగ్గలేదు, పైగా 3,750 పెరిగింది. రెండూ కలిపితే 6,750. హరి గారు సగం చేస్తే అంకె దొరకకపోవడానికి కారణం అదే. అంకె, వైపు రెండూ తప్పాయి.

సరిగా అయితే 24,000లో వాపసు 3,000 పోయి, కట్టిన 10,000 పోయి 11,000. సేటు అన్నదీ అదే.

అవెన్యూరోడ్_అంకుల్
చెప్పాను కదా.

బిట్టు_బీకాం
పద్మ గారూ, మరి అంకణా ఎలా కలిసింది?

లెక్కల_పద్మ
ఎందుకు కలవదు? డెబిట్ 3,750 రాశావు, క్రెడిట్ 3,750 రాశావు. అంకణా చూసేది రెండు వైపులా సమానంగా ఉన్నాయా లేదా అని మాత్రమే. ఏ ఖాతాలో ఏ వైపు పడాలో దానికి తెలియదు. పద్దు మొత్తంగా తిరగేసి రాసినా, అంకె రెండు చోట్లా ఒకేలా తప్పు రాసినా, అసలు పద్దే రాయకపోయినా అంకణా కలుస్తుంది.

ఇలాంటివి పట్టుకోవాలంటే బయటి కాగితంతో పోల్చాలి. నెలకోసారి సేటుని ఖాతా స్టేట్‌మెంట్ అడిగి వాట్సాప్‌లో తెప్పించుకోండి. అందులో ఆయన వాపసుకి ఇచ్చిన క్రెడిట్ నోట్ కూడా కనిపిస్తుంది. దాని మీద 3,000 అనే ఉంటుంది చూడండి.

కొత్త_లెక్క
ఉంది! ఫైల్లో వెనకాల మడిచి పెట్టేశారు. 3,000 అనే ఉంది.

బిట్టు_బీకాం
అది సేటు బిల్లుతో పాటు పంపిన ఏదో పాంప్లెట్ అనుకున్నా.

ఒక డౌట్ అండీ. 18న టీచరమ్మ చీర వెనక్కి ఇచ్చినప్పుడు "అమ్మకాల వాపసుల ఖాతా డెబిట్ 1,500, టీచరమ్మ ఖాతాకు క్రెడిట్ 1,500" అని రాశా. అది కూడా తప్పేనా? వాపసులు అంటే డెబిట్ అని దాన్ని చూసే 15వ తేదీది కూడా అలాగే రాశా. తేదీ ముందుదే కానీ నెలాఖరులో అన్నీ ఒకేసారి రాశాలే.

లెక్కల_పద్మ
టీచరమ్మ పద్దు సరిగ్గా ఉంది, ముట్టుకోకు. 6,000లో 1,500 పోయి, 3,000 కట్టింది పోయి ఆవిడ ఇంకా 1,500 ఇవ్వాలి.

వాపసు అన్న మాట చూసి డెబిట్టో క్రెడిట్టో నిర్ణయించకు. ఏ పద్దు వెనక్కి తిరుగుతోందో చూడు. అరువుకి అమ్మినప్పుడు టీచరమ్మ డెబిట్, అమ్మకాలు క్రెడిట్. సరుకు వెనక్కి వస్తే అది తిరగబడాలి. కాబట్టి అమ్మకాల వాపసులు డెబిట్, టీచరమ్మ క్రెడిట్. సేటు దగ్గర కొన్నప్పుడు కొనుగోళ్ళు డెబిట్, సేటు క్రెడిట్. వాపసు పంపితే సేటు డెబిట్, కొనుగోలు వాపసులు క్రెడిట్. ముందు అసలు పద్దు రాసుకుని, దాని కిందే వాపసు రాస్తే తప్పు జరగదు.

మారతహళ్ళి_మసాలా
నెలాఖరులో ఒక్క రాత్రిలో చిట్టా మొత్తం రాశాడంటే బీకాం కుర్రాడే. అనుమానం లేదు.

అవెన్యూరోడ్_అంకుల్
ఇంత చదువు దేనికమ్మా? మా పుస్తకంలో 24,000 కొట్టేసి పక్కన 21,000 రాస్తాం. అయిపోయె. వాపసుల ఖాతా అంటూ వేరే పెట్టడం పేపర్ దండగ.

లెక్కల_పద్మ
సేటు బాకీ అలా కూడా సరిగ్గానే వస్తుంది అంకుల్, కాదనను. కానీ ఫైల్లో బిల్లు 24,000కి ఉంటుంది, పుస్తకంలో 21,000 ఉంటుంది. ఆరు నెలల తర్వాత చూసేవాళ్ళకి ఆ మూడు వేలు ఏమయ్యాయో తెలియదు. పైగా వాపసులు విడిగా రాస్తేనే ఏ సేటు సరుకు ఎంత పాడుగా వస్తోందో కనిపిస్తుంది. చీరల వ్యాపారంలో అది పనికొచ్చే లెక్కే.

అవెన్యూరోడ్_అంకుల్
ఏ సేటు సరుకు పాడో నాకు పుస్తకం చెప్పక్కర్లేదు. కవర్ విప్పగానే తెలుస్తుంది.

కొత్త_లెక్క
ఇప్పుడు దిద్దేదెలా? 15వ తేదీ పద్దు వైట్‌నర్ పెట్టి మళ్ళీ రాయమంటారా?

లెక్కల_పద్మ
వైట్‌నర్ వద్దు. పాత పద్దుని అలాగే ఉంచి, ఈ రోజు తేదీతో దిద్దుబాటు పద్దు రాయండి:

సేటు ఖాతా డెబిట్ 6,750
కొనుగోలు వాపసుల ఖాతాకు క్రెడిట్ 6,750
(జూన్ 15 వాపసు 3,000కి బదులు 3,750గా, తిరగేసి రాసినందున దిద్దుబాటు)

సేటు ఖాతాలో 17,750 నుంచి 6,750 పోతే 11,000. వాపసుల ఖాతాలో డెబిట్ 3,750 ఉంది, క్రెడిట్ 6,750 వస్తే నికరంగా క్రెడిట్ 3,000. రెండూ కుదిరాయి.

ఇంకోటి గమనించారా? దిద్దకపోతే కొనుగోళ్ళు 32,000 మీద 3,750 కూడి 35,750 అయ్యేవి. నిజానికి 32,000లో 3,000 పోయి 29,000. అంటే మీ వదిన నెల లాభం పుస్తకంలో 6,750 తక్కువగా కనిపిస్తోంది.

కొత్త_లెక్క
వదిన వారం రోజులుగా "ఇంత కష్టపడినా ఏమీ మిగల్లేదు" అని టెన్షన్ పడుతోంది. ఇప్పుడే వెళ్ళి చెప్తా.

హోసూరు_హరి
20న 10,000 నగదు ఇచ్చారు కదా, పర్వాలేదు. కానీ మిగతా 11,000 కూడా ఒకేరోజు నగదుగా ఇవ్వకండి. ఒక్కరికి ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు అని మా ఆడిటర్ చెప్పాడు. బ్యాంకు నుంచి పంపేయండి.

లెక్కల_పద్మ
హరి గారు చెప్పింది నిజం. పుస్తకాలు రాసి లాభం చూపించే వాళ్ళకి అది వర్తిస్తుంది. అమ్మకాల మీద ఇంత శాతం లాభం అని ఉజ్జాయింపుగా కట్టే పద్ధతి ఎంచుకుంటే వేరే సంగతి. ఎలాగైనా బ్యాంకు నుంచి పంపితే రుజువు ఉంటుంది.

కొత్త_లెక్క
సరే, బ్యాంకు నుంచే పంపిస్తాం. ఇక గల్లాపెట్టెలో 300 సంగతి? పుస్తకంలో 57,200 ఉంది, లెక్కపెడితే 57,500.

బిట్టు_బీకాం
27వ తేదీది నాకు గుర్తుంది. ఆవిడ 1,200 చీర తెచ్చి 900 డ్రెస్ మెటీరియల్ తీసుకుంది. మిగతా 300 మళ్ళీ వచ్చినప్పుడు సర్దుకుంటా అంది. నేను "అమ్మకాల వాపసులు డెబిట్ 1,200, నగదుకు క్రెడిట్ 1,200" అని, తర్వాత "నగదు డెబిట్ 900, అమ్మకాలకు క్రెడిట్ 900" అని రాశా.

లెక్కల_పద్మ
ఆ రోజు గల్లాపెట్టె తెరిచావా?

బిట్టు_బీకాం
లేదు. ఓహ్.

లెక్కల_పద్మ
అంతే. నగదు కదలనప్పుడు నగదు ఖాతా పేరు ఎత్తకూడదు. నగదుకి అమ్మిన సరుకు వెనక్కి వచ్చిందంటే నగదు వెనక్కి ఇచ్చామని కాదు. డబ్బు ఇస్తేనే నగదు క్రెడిట్. ఇక్కడ జరిగింది ఇదీ:

అమ్మకాల వాపసుల ఖాతా డెబిట్ 1,200
అమ్మకాల ఖాతాకు క్రెడిట్ 900
క్రెడిట్ స్లిప్పుల ఖాతాకు క్రెడిట్ 300

నువ్వు రాసిన రెండు పద్దుల వల్ల నగదు 300 తగ్గింది. దిద్దడానికి నగదు డెబిట్ 300, క్రెడిట్ స్లిప్పుల ఖాతాకు క్రెడిట్ 300. పెట్టె, పుస్తకం రెండూ 57,500.

అవెన్యూరోడ్_అంకుల్
300కి ఒక ఖాతానా! కవర్లో 300 పెట్టి మీద ఆవిడ పేరు రాసి పక్కన పెట్టండి.

మారతహళ్ళి_మసాలా
అంకుల్ కొట్లో గల్లాపెట్టె కంటే కవర్లే ఎక్కువ ఉంటాయేమో.

హోసూరు_హరి
పద్మ గారి పద్ధతే మా కొట్లో వాడతాం. మనిషికో ఖాతా తెరవకుండా అందరికీ కలిపి ఒకటే ఖాతా, స్లిప్ మీద నంబర్, ఫోన్ నంబర్. ఆవిడ మళ్ళీ వచ్చి 1,000 సరుకు కొంటే 300 స్లిప్ తీసుకుని 700 నగదు తీసుకుంటాం. క్రెడిట్ స్లిప్పులు డెబిట్ 300, నగదు డెబిట్ 700, అమ్మకాలకు క్రెడిట్ 1,000.

బిట్టు_బీకాం
ఆవిడ ఫోన్ నంబర్ తీసుకోలేదు.

యశవంతపుర_రవి
మరి ఎప్పటికీ రాకపోతే? ఆ 300 ఎన్నాళ్ళు ఉంచాలి? మార్చి 31కి లాభంలో కలిపేయొచ్చా?

హోసూరు_హరి
మేం ఏడాది చూసి ఇతర ఆదాయంలో వేసేస్తాం.

లెక్కల_పద్మ
నేనైతే వేయను. స్లిప్ మీద గడువు రాసి ఇచ్చి ఉంటే ఆ గడువు దాటాక వేయొచ్చు. ఇక్కడ స్లిప్పే ఇవ్వలేదు, గడువు చెప్పలేదు. అది ఆవిడ డబ్బు, మార్చిలో కూడా బాకీగానే చూపించాలి.

హోసూరు_హరి
పదేళ్ళు అలా మోస్తూ కూర్చుంటే ఆ ఖాతాలో చిల్లర బాకీలే పేరుకుపోతాయి పద్మ గారూ. మా ఆడిటర్ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

లెక్కల_పద్మ
మీ ఆడిటర్‌తో నాకు గొడవ లేదు. నేను మాత్రం వేయను.

కొత్త_లెక్క గారూ, మర్చిపోయాను. అద్దె, కరెంటు పద్దులు ఈ జాబితాలో లేవు. ఎవరు కడుతున్నారు?

కొత్త_లెక్క
కరెంటు బిల్లు అన్నయ్య కడతాడు, సొంత ఖాతా నుంచి. అద్దె లేదు, ఇల్లు మాదే.

లెక్కల_పద్మ
కొట్టుకి వేరే మీటర్ ఉంటే ఆ కరెంటు కొట్టు ఖర్చే. కరెంటు డెబిట్ రాసి, అవతల అన్నయ్య పేరు మీద అప్పు ఖాతాకి క్రెడిట్ చేయాలి. తిరిగి ఇవ్వక్కర్లేదు అంటే వదిన మూలధనానికి. అన్నయ్యని అడిగి నిర్ణయించుకోండి.

మారతహళ్ళి_మసాలా
అన్నయ్యని అడిగే ముందు వదినని అడగండి.

బిట్టు_బీకాం
మా అక్క ఇప్పుడే చదివింది. అప్పు కాదట, మూలధనమేనట. బావ ఇంకా చూడలేదు.